ఇంకొకరెవరో ఇన్‌స్టాల్ చేస్తున్నారట

నిన్న పదకొండు గంటల మీటింగ్‌కి పది నిమిషాల ముందు, పీడీఎఫ్‌లు చదివే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేసుకోవాలన్న బుద్ధి పుట్టింది. ఎందుకు పుట్టిందో అడగొద్దు. ఫైల్ మీద రెండుసార్లు నొక్కాను, అనుమతి అడిగితే ఇచ్చాను, ఏమీ జరగలేదు. ఓపిక పట్టాల్సింది. మళ్లీ నొక్కాను.

"Another installation is already in progress." కోడ్ 1618.

ఎవరు? ఈ గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. టాస్క్ మేనేజర్ తెరిస్తే msiexec.exe అనే పేరుతో ముగ్గురు కనిపించారు. దొంగలు దొరికారనుకుని ఒక్కొక్కరినీ End task చేయబోయాను. కొందరు పోలేదు, పోయినవాళ్లు మళ్లీ వచ్చారు. తర్వాత తెలిసిందేమిటంటే, పని అయిపోయాక కూడా ఈ msiexec, అంటే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు, పది నిమిషాలపాటు ఊరికే కూర్చుని ఉంటుందట. కాబట్టి అది కనిపించినంత మాత్రాన ఇన్‌స్టాలేషన్ నడుస్తున్నట్టు కాదు. నిజంగా నడుస్తుంటే దాన్ని మధ్యలో చంపితే, సగం పెట్టిన ఫైళ్లు అలాగే మిగిలిపోయి కొత్త తలనొప్పి పుడుతుంది. అసలు అడ్డం `_MSIExecute` అనే ఒక తాళం. విండోస్ ఇన్‌స్టాలర్ ఒకసారికి ఒక్కరికే ఆ తాళం ఇస్తుంది. తీసుకున్నవాళ్లు వదిలేదాకా రెండోవాడికి 1618 చూపించి పంపించేస్తుంది.

ఇవేవీ అప్పటికి నాకు తెలియదు కనుక ఆఫీసు సపోర్ట్‌కి ఫోన్ చేశాను.

"రీస్టార్ట్ చేశారా సార్?"

చేశాను. లేవగానే ఇన్‌స్టాలేషన్ గైడ్ తెరిచి, సెటప్ నొక్కి, చూపు గైడ్ వైపు తిప్పాను. కాసేపాగి మళ్లీ నొక్కితే మళ్లీ 1618.

"అయితే ప్యాకేజీ కరప్ట్ అయింది సార్. కొత్త లింకు పంపుతా." ఎంత నమ్మకం! ఫైల్‌ని కంటితో కూడా చూడకుండా రోగం చెప్పేశాడు. లింకు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకుని నొక్కితే ఈసారి నిజంగానే 1620 వచ్చింది. ప్యాకేజీ తెరవలేకపోయాం, ఇది సరైనదేనా అని తయారీదారునే అడుగు అని దాని సారాంశం. మొదటిది బాగానే ఉండేదన్నమాట, ఇప్పుడు వచ్చిందే పాడైంది. సైజు చూస్తే 14 కేబీ. వంద ఎంబీ దాటాల్సిన సెటప్ అది! నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైనే ఇలా ఉంది:

```
<!DOCTYPE html>
```

అంటే నేను దించుకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, ఆ సైటు లాగిన్ పేజీ. లాగిన్ కాకుండా లింకు పట్టుకుంటే ఆ పేజీనే .msi పేరు తగిలించుకుని వచ్చి కూర్చుంది. ఈ సంగతి చెప్తే అటువైపు కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, "ఫార్మాట్ చేసేద్దామా సార్?"

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టే రకం. ఫోన్ పెట్టేశాను.

మీటింగ్‌లో వేరే కిటికీ కోసం Alt+Tab నొక్కాను. వరుసలో చిన్న బాక్సు ఒకటి కనిపించింది. ఇంతసేపూ స్క్రీన్ నిండా పరిచిన గైడ్ వెనకాల బుద్ధిగా నిలబడి ఉంది పాపం. టాస్క్‌బార్‌లో మెరుస్తూ ఉండేదేమో కూడా. కానీ స్క్రీన్ విశాలంగా ఉండాలని టాస్క్‌బార్‌ని దాచేసిన మహానుభావుణ్ణి నేనే. బాక్సులో ఏముందంటే, ఇన్‌స్టాలేషన్ ముందుకు సాగాలంటే ఫలానా ప్రోగ్రామ్ మూయాలి, మూసి Retry నొక్కండి అని. ఆ ఫలానా ప్రోగ్రామ్ ఏది? పీడీఎఫ్ చదివే పాత వెర్షన్. అందులో తెరిచి ఉన్నదేమిటి? కొత్త వెర్షన్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే గైడ్. అందులో మొదటి అంశం ఏమిటి? "ముందుగా ఈ ప్రోగ్రామ్‌ని మూసివేయండి."

నాలుగుసార్లు చదివాను ఆ వాక్యం. రీస్టార్ట్ తర్వాత మళ్లీ చదివాను. చదవడానికి దాన్ని తెరిచే ఉంచాలి కదా! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినదాని కథే ఇది, కాకపోతే ఇక్కడ పిల్ల పీడీఎఫ్. తాళం పట్టుకుని కూర్చున్న ఆ "ఇంకో ఇన్‌స్టాలేషన్" నేను మొదటిసారి నొక్కినదే. రెండోవాణ్ణి కూడా నేనే.

గైడ్ మూసి, Retry నొక్కాను. నిమిషంలోపే అయిపోయింది.

సాయంత్రం సపోర్ట్ నుంచి మెయిల్. టికెట్ మూసేశారు. కారణం: "యూజర్ రీస్టార్ట్ చేశాక సమస్య పరిష్కారమైంది."