చివరి అంకె కలిసినంత మాత్రాన క్యాష్ ఫ్లో సరైనది కాదు

"క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ముగింపు నగదు బ్యాలెన్స్ షీట్‌తో కలిస్తే చాలు. మిగతావన్నీ ఆడిట్ అయిన అంకెలే కదా! వర్గీకరణ తేడా వచ్చినా మొత్తం మారదు, వదిలేయొచ్చు."

తరచూ వినిపించే ఈ వాదన నిలవదు. ముందుగా ఆ కలవడం గురించి. ఒక వైపు తప్పు ఇంకో వైపు తప్పుతో రద్దయినా ముగింపు కలుస్తుంది. ఇండ్ ఏఎస్ అనే భారత అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే ఒక తయారీ కంపెనీని ఊహించండి. స్థిరాస్తులు, లీజు హక్కు ఆస్తులు కలిపి ఏడాది మొదట్లో 500 లక్షలు, చివర్లో 620. తరుగుదల 60, అమ్మిన యంత్రం పుస్తక విలువ 20. అంటే కొత్తగా చేరినవి 620 − 500 + 60 + 20 = 200 లక్షలు.

ఈ 200 మొత్తాన్నీ కొనుగోలు చెల్లింపుగా చూపించారు. కానీ అందులో 40 లీజు హక్కు ఆస్తి. దానికి అప్పు నమోదైంది తప్ప నగదు కదల్లేదు. మరో 30 లక్షలు యంత్రాల సరఫరాదారులకు ఇంకా చెల్లించలేదు. పెట్టుబడి కింద నిజంగా వెళ్లింది 130 మాత్రమే. ఆ 30ని చెల్లించాల్సిన బాకీల పెరుగుదలగా నిర్వహణలో కలిపారు, 40ని అప్పు రాబడిగా ఫైనాన్సింగ్‌లో వేశారు. −200 + 30 + 40 = −130. ముగింపు చక్కగా కలిసింది, మూడు భాగాలూ తప్పే.

ఆడిట్ అయిన అంకెలనే మాటకూ ఇదే జవాబు. బాకీల నిల్వ సరైనదే, అది దేనికి బాకీయో ఆ నిల్వ చెప్పదు. అందుకే బ్యాలెన్స్ షీట్‌లోని ప్రతి వరుసకూ తేడా రాసి, దాన్ని నిర్వహణ, పెట్టుబడి, ఫైనాన్సింగ్, నగదేతరం అనే నాలుగు గడుల్లోకి పంచాలి. ఏ వరుసలోనూ మిగులు ఉండకూడదు. "ఇతర సర్దుబాట్లు" అనే గడి కనిపిస్తే అక్కడే ఆగి తవ్వాలి. తర్వాత సరఫరాదారుల జాబితాను పేరుపేరునా తీసుకుని, యంత్రాల బిల్లులతో పోల్చాలి. పెద్ద చెల్లింపులను బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడాలి. లీజు 40 అప్పుల కదలిక నోట్‌లో నగదేతర మార్పుగా కనబడాలి. ఆ వెల్లడింపు క్యాష్ ఫ్లో ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 7లో 2017 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

ఇక మొత్తం మారదు కాబట్టి వదిలేయొచ్చన్న వాదన. పై ఉదాహరణలో నిర్వహణ నగదు 30 లక్షలు ఎక్కువగా కనిపించింది. కంపెనీకి అప్పు తీర్చే శక్తి ఎంతో బ్యాంకు కొలిచేటప్పుడు చూసే ముఖ్యమైన అంకెల్లో అదొకటి. పైగా భారత ప్రమాణంలో వర్గీకరణ ఇష్టానికి వదలలేదు. ఆర్థిక సంస్థ కాని కంపెనీ చెల్లించిన వడ్డీ ఫైనాన్సింగ్‌లోకీ, అందుకున్న వడ్డీ, డివిడెండ్ పెట్టుబడిలోకీ వెళ్లాలి.

కొన్నిసార్లు కలిసిన ఆ ముగింపు అంకే తప్పు. ఏడాది డిపాజిట్‌కు ఇంకా రెండు నెలలే మిగిలాయని నగదుతో సమానమైనదిగా లెక్కేస్తుంటారు. సాధారణంగా మూడు నెలలు లేదా అంతకంటే తక్కువ గడువున్నదే అలా లెక్కకొస్తుంది. ఆ గడువును డిపాజిట్ చేసిన తేదీ నుంచి చూడాలి, బ్యాలెన్స్ షీట్ తేదీ నుంచి కాదు. డిపాజిట్ రసీదు తెప్పించుకుంటే ఈ తప్పు నిమిషంలో తేలుతుంది.