అంతర్ధాన విద్యలో ఆరితేరినవారికి

గురువారం పొద్దున 11 గంటలకు ఆఖరి రౌండ్ ఇంటర్వ్యూ. 10:58కే ముగ్గురు వీడియో కాల్‌లో కొలువుదీరారు. ఎవరి టీములో ఉద్యోగం ఖాళీగా ఉందో ఆ మేనేజరు, పక్క టీము నుంచి బతిమాలి తెచ్చుకున్న ఒక సీనియరు, వీళ్లిద్దరికీ ఒకే గంట ఖాళీ దొరకడం కోసం క్యాలెండర్లతో వారం రోజులు కుస్తీ పట్టిన రిక్రూటరు. నాలుగో గడి ఖాళీ.

11:03. "నెట్ ఏమైనా ఇబ్బంది పెడుతోందేమో" అంటాడు మేనేజరు. మంచి మనిషి. 11:05కి రిక్రూటరు ఫోన్ చేస్తుంది. మోగి మోగి ఆగిపోతుంది. 11:06కి మెసేజ్ పెడుతుంది. రెండు టిక్కులు పడతాయి, నీలంగా మాత్రం మారవు. 11:08కి సీనియరు తాను మ్యూట్‌లో ఉన్నాననుకుని కీబోర్డు టకటకలాడిస్తుంటాడు. మిగతా ఇద్దరూ ఆ చప్పుడు వింటూ, చెప్పాలా వద్దా అని మొహమాటపడుతుంటారు. 11:10కి "పాపం, దారిలో ఏదైనా అయిందో ఏమో" అన్న మాట వస్తుంది. ముగ్గురి మొహాల్లోనూ నిజమైన ఆందోళన.

సదరు అభ్యర్థి క్షేమం. ఫోన్ ఆయన పక్కనే ఉంది, బోర్లా. మంగళవారం సాయంత్రం 6 గంటలకే ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ మీద ఆయన సంతకం పెట్టేశారు. అంటే ఇంటర్వ్యూకి సరిగ్గా 41 గంటల ముందు. ఆ 41 గంటల్లో నిద్ర, స్నానం, పాత ఆఫీసుకు రాజీనామా, అన్నీ చక్కగా జరిగాయి. "నేను రావడం లేదండీ" అన్న నాలుగు ముక్కలకు మాత్రం వేళ కుదరలేదు.

ఇలాంటి మహానుభావులను తిట్టడం సులువు. వాళ్ల సాధనను అర్థం చేసుకోవడం కష్టం. అంతర్ధాన విద్యకు మూడు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో అభ్యర్థి ఫోన్ ఎత్తడు. రెండో మెట్టులో నంబరే బ్లాక్ చేస్తాడు. మూడో మెట్టు అందరికీ అబ్బేది కాదు: రెండు రోజుల తర్వాత ఒక మెయిల్ పంపి, అందులో అమ్మమ్మను చంపేస్తాడు. ఒక్కో ఉద్యోగ వేటలో ఒక్కో అమ్మమ్మ మూడేసి సార్లు కాలం చేసిన సందర్భాలు రిక్రూటర్లకు కొత్త కాదు. ఎవరూ ఆధారం అడగరు కాబట్టి ఈ విద్య వర్ధిల్లుతోంది.

అసలు భయం ఎందుకో విచారిద్దాం. మధ్యలో తప్పుకుంటున్నామంటే అవతలివాళ్లు కోప్పడతారని కదా? కోప్పడరు. నియామకాలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అభ్యర్థి పేరు పక్కనా ఒక స్థితి నమోదవుతుంది. అందులో "ఎంపిక కాలేదు", "ఇంటర్వ్యూకి రాలేదు" అన్నవాటితో పాటు "అభ్యర్థే వైదొలిగారు" అన్నదీ మామూలుగా ఉంటుంది. ముందే అచ్చువేసి పెట్టుకున్న గడి అది. అంటే ఇది రోజూ జరిగే పనేనని వాళ్లకు తెలుసు. కబురు అందితే రిక్రూటరు ఆ గడిని నొక్కి, కారణం దగ్గర "వేరే ఆఫర్" అని ఎంచుకుని, తర్వాతి పేరుకు వెళ్లిపోతుంది. అర నిమిషం పని. మీ కోసం ఎవరూ కన్నీరు కార్చరు. ఈ నిజం కాస్త నొప్పి కలిగించవచ్చు, ఓర్చుకోవాలి.

వైదొలగడానికీ వేళ ఉంది. "మీరు సెలక్టయ్యారు, లెటర్ రేపు పంపుతాం" అని ఫోన్లో వినగానే పొంగిపోయి మిగతా చోట్ల తలుపులు మూసేయకూడదు. ఆ రేపు రాకపోవచ్చు, లేదా బడ్జెట్ ఆగిపోయిందన్న కబురు తీసుకుని రావచ్చు. లెటర్ చేతికి రావాలి, జీతం, హోదా, చేరే తేదీ చదవాలి, సంతకం పెట్టి పంపాలి. అది అయిన రోజే, మహా అయితే మర్నాడే, మిగతావాళ్లకు చెప్పాలి. ఈ లోపు ఎక్కడైనా రౌండ్ ముంచుకొస్తుంటే, "ఇంకో చోట చర్చలు ఆఖరి దశలో ఉన్నాయి, రెండు రోజులు వాయిదా వేయగలరా" అని అడగవచ్చు. ఇది మర్యాదైన మాటే, పైగా నిజం. వెరిఫికేషన్ పూర్తయితేనే ఆఫర్ చెల్లుతుందని లెటర్‌లో షరతు ఉంటే, అది ఎన్నాళ్లలో తేలుతుందో కొత్త కంపెనీని అడగండి. అనుభవం, చదువు గురించి మీరు రాసినవన్నీ నిజాలే అయితే, దాని కోసం మిగతావాళ్లను నెలరోజులు వేలాడదీయాల్సిన పనిలేదు. నిజాలు కాకపోతే మీ సమస్య ఈ వ్యాసం పరిధిలోది కాదు.

ఇప్పుడు మన గురువారం సంగతి. మంగళవారం రాత్రి చేయాల్సిన మొదటి పని మెయిల్ కాదు. ఆ కంపెనీలో మిమ్మల్ని రిఫర్ చేసిన స్నేహితుడు ఉంటే ముందు అతనికి ఫోన్ చేయాలి. "మీవాడు రాలేదేంటి" అని మేనేజరు నోట వినడం కన్నా, మీ నోట వినడం అతనికి గౌరవం. బుధవారం పొద్దున్నే రిక్రూటరుకు మెయిల్. మేనేజరు మీతో నేరుగా మెయిళ్లు నడిపి ఉంటే ఆయన్నీ కాపీలో పెట్టాలి. మధ్యలో ఏజెన్సీ ఉంటే ఏజెన్సీకి చెప్పి, కంపెనీకి చేరవేశారా అని సాయంత్రంలోగా కనుక్కోవాలి, ఎందుకంటే అక్కడ కబురు నిద్రపోయే అవకాశం బాగా ఉంది. ఇంటర్వ్యూకి ఒక రోజు కన్నా తక్కువ ఉంటే మెయిల్ ఒక్కటే చాలదు, ఫోన్ చేయాలి.

విషయం వరుసలో మీ పేరు, ఉద్యోగం పేరు, ఉంటే దాని నంబరు, "అభ్యర్థిత్వం ఉపసంహరణ" అన్న మాట ఉండాలి. రిక్రూటరు చేతిలో ఒకేసారి చాలా ఖాళీలు నడుస్తుంటాయి. "నమస్తే" అన్న శీర్షికతో వచ్చిన మెయిల్ ఆమె తెరిచేసరికి గురువారం మధ్యాహ్నం అయిపోతుంది. లోపల ఇంత చాలు:

"నమస్కారం. ఈ ఉద్యోగానికి నా అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకుంటున్నాను. నేను మరోచోట ఆఫర్ అంగీకరించాను. గురువారం 11 గంటల ఇంటర్వ్యూను దయచేసి రద్దు చేయండి. రెండు రౌండ్లలో నా కోసం సమయం వెచ్చించినందుకు మీకూ, మీ టీముకూ కృతజ్ఞతలు."

అంతే. మొదటి ముక్కలోనే సంగతి ఉంది కాబట్టి ఫోన్ తెర మీద సగం చదివినా అర్థమవుతుంది. కొత్త కంపెనీ పేరు లేదు, జీతం అంకె లేదు. పోలిక లేదు. "ఇంతకన్నా మంచి అవకాశం వచ్చింది" అని రాసే సత్యసంధులు ఉన్నారు. ఆ "ఇంతకన్నా" అన్న మాటను అవతలి మేనేజరు చాలాకాలం గుర్తుపెట్టుకుంటాడు. ఇక మూడు పేజీల వీడ్కోలు లేఖలు రాసేవారి సంగతి వేరు. ఆత్మపరిశీలన, కుటుంబ పరిస్థితులు, కెరీర్ తత్వం, చివర్లో కంపెనీ వెబ్‌సైటులో రంగులు బాగాలేవని ఒక సూచన. అదే లేఖను నాలుగు కంపెనీలకు అతికిస్తూ, మూడో దాంట్లో రెండో కంపెనీ పేరు మార్చడం మరిచిపోవడం ఈ ప్రక్రియకు పరాకాష్ఠ. పంపే ముందు ఒక్క పేరు సరిచూసుకుంటే ఈ ముచ్చట తీరదు.

మెయిల్ పంపాక ఒక చిన్న పని మిగులుతుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. క్యాలెండర్‌లో ఉన్న ఇంటర్వ్యూ ఆహ్వానాన్ని తిరస్కరించాలి. రిక్రూటరు సెలవులో ఉంటే ఆ నొక్కే ముప్పు తప్పించవచ్చు. కంపెనీ పోర్టల్‌లో దరఖాస్తు ఉపసంహరించుకునే బటన్ ఉంటే అదీ నొక్కాలి. కానీ అదే కంపెనీలో ఇంకో ఉద్యోగానికి కూడా దరఖాస్తు పెట్టి ఉంటే, ఆ బటన్ ఒక్కదానికే వర్తిస్తుందా, అన్నిటికీనా అని చదివి నొక్కండి.

తర్వాత రిక్రూటరు ఫోన్ చేసి "ఎక్కడ, ఎంతకు" అని అడగవచ్చు. అది ఆమె ఉద్యోగం. "వివరాలు చెప్పలేనండీ, సంతకం అయిపోయింది" అనేది పూర్తి వాక్యం, దానికి తోక అక్కర్లేదు. "ఇంకాస్త పెంచితే ఆలోచిస్తా" అని నాలుక దురదపెడుతోందంటే మీరు వైదొలగడం లేదు, గోడ మీద కూర్చున్నారు. బేరం సంతకానికి ముందు ఆడాలి. సంతకం పెట్టాక ఆడితే ఒకేసారి రెండు కంపెనీల దగ్గర మాట పోతుంది.

"కంపెనీలు చేయడం లేదా ఈ పని? అయిదు రౌండ్లు తిప్పి, ఉలుకూ పలుకూ లేకుండా వదిలేయడం లేదా?" అని మన అంతర్ధానులు ఈపాటికి పిడికిలి బిగించే ఉంటారు. చేస్తున్నాయి. "మీ సమయానికి విలువనిస్తాం" అని వెబ్‌సైటు నెత్తిన రాసుకుని, తిరస్కరించామని ఒక్క వాక్యం పంపలేని కంపెనీలు సిగ్గుతో చావాలి. కానీ మీరు తీర్చుకునే పగ ఆ కంపెనీ మీద పడటం లేదు. ఆ ముగ్గురి మీద కూడా పడటం లేదు, వాళ్లకు ఆ గంటకూ జీతం వస్తుంది. అది పడేది జాబితాలో మీ తర్వాత ఉన్న మనిషి మీద. ఆమె కూడా అవే రౌండ్లు దాటింది. మీరు పోటీలో ఉన్నారనుకుని ఆమె ఫైలును పక్కన పెట్టారు. "ఇంకా నిర్ణయం కాలేదు" అన్న మెయిల్ ఆమెకు వెళ్లింది. ఆమెకు చేతిలో ఇంకో ఆఫర్ లేదు. రోజుకు ఇరవై సార్లు మెయిల్ తెరిచి చూసుకుంటోంది. మీకు అక్కర్లేని కుర్చీ మీద మీరు తువ్వాలు వేసి వెళ్లిపోయారు, ఆమె నిలబడి ఉంది. దీనికి భయం అని పేరు పెట్టకండి, మొహమాటం అని అంతకన్నా పెట్టకండి. ఇది ఒళ్లు బద్ధకం, ఇంకొకరి బతుకంటే లెక్కలేనితనం. నాలుగు నిమిషాల పనయ్యా అది!

సరే. శాంతిద్దాం.

11:12కి ముగ్గురూ కాల్ నుంచి దిగిపోయారు. రిక్రూటరు సాఫ్ట్‌వేర్ తెరిచి "ఇంటర్వ్యూకి రాలేదు" అన్న గడి నొక్కి, కింద "సమాచారం లేదు" అని రాసి, తేదీ వేసింది. ఏడాది తిరగకుండా సదరు అభ్యర్థికి కొత్త చోట బాస్‌తో పడలేదు. అదే కంపెనీకి మళ్లీ దరఖాస్తు పెట్టారు. అదే మెయిల్ చిరునామా కావడంతో పేరు కొట్టగానే పాత గురువారం వరుస పైకి తేలింది. దాని పక్కనే కొత్త పరిచయ లేఖ తెరుచుకుని ఉంది. అందులో మొదటి వాక్యం: "సమయపాలన, స్పష్టమైన సంభాషణ నా ప్రధాన బలాలు."