కేటరింగ్ పెట్టుకోడానికే పోతున్నానని రాజీనామాలో రాసేయండి

తిరుపతిలో ఏ హోటల్ కిచెన్‌లో చూసినా, పెద్ద షెఫ్ తర్వాత వంటగదిని నడిపే సూ షెఫ్‌లు ఒకరి తర్వాత ఒకరు మానేసి సొంతంగా చిన్న కేటరింగ్ పెట్టుకుంటాండారు. ఎందుకనేది మళ్ళీ చెప్పబల్లేదు, డ్యూటీ టైమింగులూ జీతాలూ అందరికీ తెలిసినవే. నా బాధంతా వాళ్ళిచ్చే రాజీనామా లెటర్ గురించి. అందరిదీ ఒకటే లైను, "వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను". ఈ లైను వాళ్ళని కాపాడదు, పైగా ఇరికిస్తాది.

నాకు తెలిసిన ఒకతనికి అదే జరిగింది. బాంక్వెట్ మొత్తం అతని చేతి మీదే నడిచేది. అదే లైను రాసి ముప్పై రోజుల నోటీసిచ్చినాడు. రెండో వారంలో హోటల్ పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి గృహప్రవేశానికి నూటయాభై ప్లేట్లు కావాలన్నాడు, ఇతను సరే అని ఫోన్‌పేలో అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. ఆ కస్టమరే రిసెప్షన్‌కి వచ్చి "మీ షెఫే మాకు చేస్తాండాడు లేండి" అని సంతోషంగా చెప్పేసినాడు. మరుసటి రోజు మేనేజర్ పిలిచి, ఉద్యోగంలో ఉంటూనే మా కస్టమర్లని లాక్కుంటాండావని రిలీవింగ్ లెటరూ సెటిల్‌మెంటూ రెండూ ఆపేసినాడు. ఇక్కడ హోటల్ మాటలో కొంత న్యాయముంది, అది ఒప్పుకోవాల. కానీ అతను మొదటే ఉన్నదున్నట్టు రాసుంటే ఆ ఫోన్ వచ్చిన రోజే "అన్నా, నేను ఫలానా తేదీ వరకు హోటల్ మనిషిని, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు, ఎందుకంటే దాచిపెట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

అసలు దాచడం దేనికి? అపాయింట్‌మెంట్ లెటర్‌లో "మానేసిన రెండేళ్ళ వరకు ఇదే ఊర్లో ఇదే వ్యాపారం చేయరాదు" అని ఒక క్లాజు ఉంటాది, దాన్ని చూసి భయపడతారు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 27 అని ఒకటుంది, మనిషి బతుకుతెరువుని ఆపే ఒప్పందం చెల్లదని దాని సారాంశం. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద అతని ఏజెంట్ కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇదే సెక్షన్ పట్టుకుని, ఒప్పందం గడువు ముగిసినాక కూడా అతన్ని కట్టిపడేసే షరతు నిలబడదని చెప్పింది. అంటే రిలీవ్ అయిన మరుసటి రోజు మీరు తిరుచానూరు రోడ్డులోనే షెడ్డు అద్దెకు తీసుకుని పొయ్యి వెలిగించినా ఆ క్లాజు మిమ్మల్ని ఆపలేదు. కానీ ఉద్యోగంలో ఉన్నన్ని రోజులూ లెక్క వేరే. అప్పుడు యజమానికి పోటీగా పనిచేయకూడదనే షరతు చెల్లుతుందని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నోటీసు పీరియడ్ కూడా ఉద్యోగమే. మనోళ్ళు చేసేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటాది, చట్టం ఒప్పుకునే కేటరింగ్‌ని దాస్తారు, ఒప్పుకోని అడ్వాన్సుని నోటీసులో ఉండగానే తీసుకుంటారు.

కాబట్టి లెటర్ ఇట్లా ఉండాల, ఇంగ్లీషులో రాసినా విషయం ఇదే: "సొంతంగా చిన్న కేటరింగ్ ప్రారంభించడానికి సూ షెఫ్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఒప్పందం ప్రకారం ముప్పై రోజుల నోటీసు ఇస్తున్నాను, నా చివరి పనిదినం ఫలానా తేదీ. అప్పటివరకు నా పేరుతో ఏ బుకింగూ తీసుకోను. రెసిపీ ఫైలు, కాస్టింగ్ షీట్లు, వెండర్ల రేట్లు, రాబోయే ఫంక్షన్ల సరుకుల ఇండెంట్లు అప్పగించి సంతకం తీసుకుంటాను." అంతే. ఎగ్జిక్యూటివ్ షెఫ్‌కి ముందు నోటితో చెప్పి, తర్వాత మెయిల్ చేసి, ప్రింట్ కాపీ మీద అందినట్టు తేదీతో సంతకం పెట్టించుకోవాల, ఎందుకంటే లెటర్ ఎప్పుడిచ్చినావనేదాని దగ్గరే గొడవ మొదలయ్యేది.

ఆ అప్పగింత లైను మర్యాద కోసం అనుకోవద్దు. పది కిలోల ఉల్లిపాయ వేపితే సుమారు మూడు కిలోలే చేతికొస్తాదనీ, దాన్ని బట్టి మూడొందల ప్లేట్ల గ్రేవీకి ఎంత ఇండెంట్ పెట్టాలనీ మీ బుర్రలో ఉండే లెక్క మీది, దాన్ని ఎవరూ గుంజుకోలేరు. అదే లెక్కని హోటల్ రేట్లతో హోటల్ కంప్యూటర్‌లో వేసిన షీటు హోటల్‌ది. కస్టమర్ల ఫోన్ నంబర్ల లిస్టు కూడా అంతే. ఆ ఫైలుని వాట్సాప్‌లో మీకు మీరు పంపుకున్నారంటే సెక్షన్ 27 కూడా మిమ్మల్ని కాయదు. అప్పగించినట్టు సంతకం ఉంటే రేపు "మా రెసిపీలు ఎత్తుకుపోయినాడు" అనే మాటకి మీ దగ్గర జవాబుంటాది.

కారణం రాయాలని చట్టంలో లేదు కదా, రాస్తే ఆ రోజే గేటు బయటికి పంపేస్తే ఎట్లా అని కొందరు సీనియర్లు అంటారు. పంపొచ్చు, కొన్నిచోట్ల పంపుతారు కూడా. కానీ ఈ ఊర్లో హోటల్‌కీ కల్యాణ మండపానికీ సరుకేసేది ఆ వెండర్లే, వంటకొచ్చేది ఆ మాస్టర్లే, మీరు గిన్నెలు కొన్న వారంలోపే మేనేజర్‌కి తెలిసిపోతాది. వాళ్ళ నోటి నుంచి తెలియడం కన్నా మీ లెటర్ నుంచి తెలియడమే మీకు మేలు.

ఇంక తేదీ గురించి. సూ షెఫ్‌లు ముహూర్తాలు చూసుకుని మానేస్తారు, గ్రాట్యుటీ చూసుకోరు. మామూలుగా ఐదేళ్ళు నిండితేనే గ్రాట్యుటీ, ఆ తర్వాత ఆరు నెలలు దాటితే దాన్ని ఇంకో ఏడాదిగా లెక్కేస్తారు. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్ళీ ఏళ్ళతో గుణించాల. బేసిక్ 16,000 ఉన్నోడు ఐదేళ్ళ ఐదు నెలలకి మానేస్తే సుమారు 46,150 వస్తాది, ఇంకొక్క నెలా కొన్ని రోజులు ఓపిక పడితే ఆరేళ్ళ లెక్కన 55,380. ఆ తేడాతో ఒక పెద్ద బర్నర్ వచ్చేస్తాది.

నాకు ఒళ్ళు మండేది ఆ బేసిక్ దగ్గరే. జీతం 38,000 అంటారు, బేసిక్ 16,000 రాస్తారు, మిగతాదంతా అలవెన్సుల కింద తోసేస్తారు. దాంతో ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడినోడికి గ్రాట్యుటీలో కోత పడతాది, అది వాడికి మానేసే రోజు వరకు తెలియను కూడా తెలియదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలోనే కలపాల. ఆ లెక్కన ఇతని వేతనం 19,000, ఆరేళ్ళకి గ్రాట్యుటీ సుమారు 65,770. పదివేలకు పైన తేడా! ఎన్ని హోటళ్ళు తమంతట తాము ఈ లెక్క వేసి ఇస్తాయో మీరే చెప్పండి. అందుకే సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేముందు వేతనం ఎంతని వేసినారో అడగాల, ఆ ప్రశ్న అడగాలంటే చేతిలో పే స్లిప్పులుండాల, అవి లెటర్ ఇవ్వకముందే ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోవాల, లాగిన్ ఆపేసినాక ఒక్కటీ దొరకదు.