కూలరు, నిప్పట్లు, మామగారి గంజి పంచె

మామగారు అనంతపురం వస్తున్నారని పొద్దున ఫోను, మేడమీద గదేమో ఎండకి పెనంలా కాలిపోతోంది. చిన్న ఏసీ అంటే ముప్పై వేల దాకా చెప్పారు, కూలరు పది వేలు, పైగా అది కాల్చే కరెంటు ఏసీ కాల్చేదాంట్లో ఐదో వంతు. ఇంకేం, కూలరే తెచ్చేశా. షాపులో కుర్రాడిని కిటికీల సంగతేంటని అడిగితే "అన్నీ బిగించేయండి సార్, ఐస్ ముక్కలు కూడా వేస్తే ఏసీ ఎందుకూ పనికిరాదు" అన్నాడు. వాడి నోట్లో ఐస్ ముక్కలు పడ!

మొదట్లో బానే ఉంది. మామగారు కూలరుకి ఎదురుగా కూర్చుని "పర్లేదు అల్లుడా" అన్నారు కూడా. తర్వాత ప్లేట్లోంచి ఓ నిప్పట్టు తీసి కొరికారు. చప్పుడు లేదు. ఆ నిప్పట్లు అత్తగారు స్వయంగా చేసి పంపినవి, విరిస్తే వీధిలోకి వినపడాలి. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వంచి చూశారు. వంగింది! పూర్తిగా వంగింది, విరగలేదు. ఆ తర్వాత నన్ను చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశా. "డబ్బా మూత పెట్టలేదా?" అని కూతుర్ని అడిగారు, ఆవిడ నా వైపు చూసింది, నేనింకా ఫ్యాన్నే చూస్తున్నా. ఇక లేద్దామని ఆయన కుర్చీలోంచి లేస్తే, పొద్దున గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె ఒళ్ళంతా చుట్టుకుని కాళ్ళకి అతుక్కుపోయింది, మనిషి అడుగు తీసి అడుగు వేయలేక అక్కడే నిలబడిపోయారు.

కింద పోర్షన్లో ఉండే ఏసీ మెకానిక్ అన్నని పిలిస్తే, ఆయన లోపలికి రాగానే ముందు నవ్వాడు. బయట నలభై రెండు డిగ్రీల వేడి, ఇరవై శాతం తేమ, అలాంటి గాలి తడి మ్యాటులోంచి వస్తే ఇరవై ఎనిమిది, ముప్పైకి దిగుతుందట, కాకపోతే ఆ గాలి రూములోకి వచ్చి ఎదురు కిటికీలోంచి బయటికి పోవాలి. మూసేస్తే అదే గాలి తిరిగి తిరిగి తేమ ఎక్కుతుంది, నీళ్ళు ఆవిరవడం తగ్గిపోతుంది, చల్లదనం కూడా ఆగుతుంది, జిడ్డు మిగులుతుంది. మూసిన గది కావాలంటే ఏసీయే. ఐస్ సంగతి అడిగితే చెయ్యి ఊపేశాడు: కిలో ఐస్ కరిగితే పోయే వేడి, లీటరు నీళ్ళు ఆవిరైతే పోయే వేడిలో ఏడో వంతు కూడా కాదట. మా ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి మరీ వేశాను నేను.

ఆయన కూలర్ని జరిపి వెనక భాగం ఒక కిటికీకి ఆనించి, ఎదురు కిటికీ తెరిచాడు. కాసేపట్లో గది హాయిగా మారింది. మామగారు తెరిచిన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పంచె దులుపుకుని, తీరిగ్గా అన్నారు: "కిటికీ తెరిస్తే సరిపోయేదానికి పది వేలెందుకు తగలేసినావు అల్లుడా?"