ప్రొబేషన్‌లో తీసేయవచ్చు, మచ్చ వేసి పంపకూడదు

ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని పంపించే ఉత్తరాలు మన హైదరాబాద్ కంపెనీల్లో తయారవుతున్న తీరు చూస్తుంటే నాకు కోపమూ బాధా కలుగుతున్నాయి. కొత్తగా చేరిన మనిషి ఆ పోస్టుకు సరిపడలేదంటే అందులో నేరమేమీ లేదు, ఆ సంగతి తేల్చుకోవడానికే ప్రొబేషన్ ఉన్నది. అయినా పంపించే రోజు వచ్చేసరికి కొందరు మేనేజర్లు తమ నిర్ణయం సరైనదని నిరూపించుకోవాలన్న తపనతో రెండు పేజీల అభియోగపత్రం రాసి, దానికే టెర్మినేషన్ లెటర్ అని పేరు పెడుతున్నారు. హెచ్ఆర్ పనిలో ఉన్నదానిగా నేను చెప్పేది ఒక్కటే: ఆ ఉత్తరం ఎంత పొడుగైతే కంపెనీకి అంత ప్రమాదం, ఉద్యోగికి అంత అవమానం. చట్టానికి నిలబడే ఉత్తరమూ, మనిషి గౌరవాన్ని కాపాడే ఉత్తరమూ ఈ విషయంలో ఒకటే.

ఈ మధ్య నా ముందుకు వచ్చిన ఒక కేసు చెబుతాను. మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక అమ్మాయి ఏప్రిల్ 1న క్లయింట్ కోఆర్డినేటర్‌గా చేరింది. నెల జీతం 48,000 రూపాయలు. ప్రొబేషన్ ఆరు నెలలు, ఆ కాలంలో ఇరువైపులా 15 రోజుల నోటీసు, లేదా దానికి బదులు జీతం అని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంది. ఆమె తయారుచేసే రిపోర్టుల్లో వంక పెట్టడానికి ఉండేది కాదు. కానీ రాత్రిపూట అమెరికా క్లయింట్లతో కాల్‌లో కూర్చున్నప్పుడు, వాళ్లు అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక ఆగిపోయేది, లేదా టీమ్‌ను అడగకుండానే ఏదో ఒక తేదీ ఒప్పేసుకునేది. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడి, మాట్లాడినది మెయిల్‌లో రాసి పంపారు. మార్పు రాలేదు. రిపోర్టుల టీమ్‌లో ఖాళీ ఉందేమో అడిగి చూశాము, లేదు. కాబట్టి ఆమెను కన్ఫర్మ్ చేయకూడదన్న నిర్ణయంతో నాకు పేచీ లేదు.

మేనేజర్ గారు రాసి పంపిన ముసాయిదాతోనే నాకు పేచీ వచ్చింది. అందులో ఆమెకు నిబద్ధత లేదని ఉంది. జూలై 14 నాటి మెయిల్‌లో పేర్కొన్నట్టు క్లయింట్‌ను తప్పుదోవ పట్టించిందని ఉంది. "ఇంత రాయకపోతే రేపు ఎందుకు తీసేశారని అడిగితే ఏం చూపిస్తామండీ?" అని ఆయన నన్ను అడిగారు. ఆయన అడిగింది చెడు ఉద్దేశంతో కాదు, చాలామంది నిజంగానే అలా నమ్ముతున్నారు. కానీ చట్టం నడిచే దారి దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ప్రొబేషన్‌లో ఉన్నవారిని పోస్టుకు తగరని సాదాగా పంపించడం వేరు, తప్పు చేశారని శిక్షగా పంపించడం వేరు. మొదటిదానికి విచారణ అక్కరలేదు. రెండోదానికి అభియోగం రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశమిచ్చి, విచారణ జరపాలి. "క్లయింట్‌ను తప్పుదోవ పట్టించింది" అన్న మాట రెండో కోవలోకి వస్తుంది. అది ఆమె సామర్థ్యం గురించిన మాట కాదు, ఆమె నిజాయితీ గురించిన మాట. విచారణ లేకుండా ఆ మాట ఉత్తరంలో పెడితే, సాదాగా ముగియవలసిన ఉద్యోగాన్ని మనమే శిక్షగా మార్చినట్టు అవుతుంది.

సుప్రీంకోర్టు ఈ గీతను చాలా కేసుల్లో గీసింది. కోల్‌కతాలోని ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థకు సంబంధించిన దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసులో 1999లో ఇచ్చిన తీర్పును ప్రతి హెచ్ఆర్ ఉద్యోగీ చదవాలని నా కోరిక. మచ్చ వేసే మాటలు టెర్మినేషన్ ఉత్తర్వులోనే ఉండనక్కరలేదు, ఆ ఉత్తర్వు ప్రస్తావించిన పాత ఉత్తరాల్లో ఉన్నా అది మచ్చే అవుతుందని కోర్టు అందులో చెప్పింది. మన మేనేజర్ గారు ధీమాగా ఉటంకించిన జూలై 14 మెయిల్ సరిగ్గా ఇలాంటిదే. ఎందుకంటే తరువాతి కంపెనీ వారు ఈ ఉత్తరం చూస్తే, ఆ మెయిల్ కూడా చూపించమని అడగవచ్చు. మరోవైపు, 2001లో పవనేంద్ర నారాయణ్ వర్మ కేసులో, పనీ నడవడికా సంతృప్తికరంగా లేవన్న సాదా వాక్యం మచ్చ కిందికి రాదని అదే కోర్టు తేల్చింది. అంటే కారణం చెప్పడం తప్పు కాదు. కారణాన్ని నిందగా మార్చడమే తప్పు. ఈ తీర్పులు ప్రభుత్వ సంస్థల ఉద్యోగులవి కాబట్టి ప్రైవేటు కంపెనీకి ఉన్నవున్నట్టుగా వర్తిస్తాయని నేను చెప్పడం లేదు. కానీ ఉద్యోగి కార్మిక చట్టాల కింద ఫిర్యాదు చేసినప్పుడు అవతలి లాయరు ఎత్తే మొదటి ప్రశ్న ఇదే: ఇది సాదాగా ముగించడమా, ముసుగు వేసిన శిక్షా?

మరి ఆ మెయిళ్లన్నీ ఏం చేయాలి? అవి ఫైలులో ఉండాలి. ఎందుకు తీసేశారని అధికారి అడిగిన రోజున జూన్, ఆగస్టు సమీక్షల మెయిళ్లు చూపిస్తాము. ఆమె వాటిని అప్పుడే చదివింది కనుక అవి ఆమెకు కొత్త కాదు. ఉత్తరంలో ఏమీ రాయకుండా ఫైలు నిండుగా ఉంచుకోవడం పద్ధతి. ఫైలు ఖాళీగా ఉంచి, చివరి రోజున ఐదు నెలల కోపమంతా ఉత్తరంలో కుమ్మరించడం పద్ధతి కాదు.

ఇక తేదీల విషయం. చాలా కంపెనీలు దెబ్బతినేది ఇక్కడే. తెలంగాణలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలకు తక్కువ కాకుండా ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే కనీసం నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి. మనం సంతకం చేయించుకున్న 15 రోజుల నిబంధన ఆ నెలను తగ్గించలేదు. మన కేసులో ఆరు నెలలు సెప్టెంబర్ 30తో నిండుతాయి. మేనేజర్ గారు "దసరా అయ్యాక చూద్దాం" అన్నారు. అలా అక్టోబర్ మూడో వారం దాకా లాగితే ఆ అమ్మాయి ఆ సెక్షన్ నీడలోకి వచ్చేసేది, 15 రోజులు కాస్తా నెల అయ్యేది, కారణం సహేతుకమేనని చూపించవలసిన బరువు మన మీద పడేది. దానికి తోడు, ప్రొబేషన్‌కు గరిష్ఠ గడువు నిబంధనల్లోనే రాసి ఉండి, ఆ గడువు దాటాక కూడా మనిషిని కొనసాగిస్తే కన్ఫర్మ్ అయినట్టే భావించాలని 1968లో ధరమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్‌లో పొడిగింపు గురించి ఏం రాసుకున్నామో ఐదో నెలలోనే తీసి చదవాలి. ఆఖరి వారంలో కాదు.

మేము సెప్టెంబర్ 8న ఇచ్చిన ఉత్తరం సారాంశం ఇది:

"మీరు ఏప్రిల్ 1న క్లయింట్ కోఆర్డినేటర్‌గా చేరారు, అపాయింట్‌మెంట్ లెటర్ 6వ నిబంధన ప్రకారం ప్రస్తుతం ప్రొబేషన్‌లో ఉన్నారు. ఈ కాలంలో జరిగిన సమీక్షల మీదట, ఈ పోస్టు అవసరాలకు మీ సేవలు సరిపడలేదని భావించి, మిమ్మల్ని ఇందులో కన్ఫర్మ్ చేయడం లేదు. అదే నిబంధన కింద మీ ఉద్యోగం ఈ రోజు పని వేళలతో ముగుస్తుంది. నోటీసుకు బదులు 15 రోజుల జీతం, ఈ నెల జీతం, వాడుకోని సెలవుల సొమ్ము సెప్టెంబర్ 10లోగా మీ ఖాతాలో జమ చేస్తాము. రిలీవింగ్ లెటర్ ఈ ఉత్తరంతో జతపరిచాము. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించగలరు. మీరు ఇక్కడ చేసిన పనికి ధన్యవాదాలు."

అంతే. ఇందులో ఆమె స్వభావం గురించి ఒక్క మాట లేదు. "దురదృష్టవశాత్తూ", "ఎంతో బరువైన హృదయంతో" వంటి మాటలు కూడా నేను తీసేయించాను. ఉద్యోగం పోయిన మనిషికి మన హృదయం బరువు ఎంతో తెలియవలసిన అవసరం లేదు, డబ్బు ఏ రోజు పడుతుందో తెలియాలి.

ఆ డబ్బు లెక్క కూడా చెబుతాను. ఎనిమిది రోజుల జీతం 12,800, నోటీసుకు బదులు 24,000, మిగిలిన నాలుగు సెలవులకు 6,400, మొత్తం 43,200 రూపాయలు. ఇందులోంచి పీఎఫ్, వృత్తి పన్ను వంటి మామూలు కోతలు మాత్రమే పోతాయి. ఉద్యోగం నుంచి తీసేసిన మనిషికి రావలసిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. మన దగ్గర "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులు పడుతుంది" అని తడుముకోకుండా చెప్పే కంపెనీలకు ఇది తెలియక కాదు, ఎవరూ అడగరన్న ధైర్యం. నాకు అన్నిటికంటే మండేది ఇక్కడే. తీసేయడానికి ఒక్క రోజు చాలినవారికి, లెక్క చూడటానికి నెలన్నర ఎందుకు?

ఇంకొక అలవాటు ఉంది. తీసేస్తున్నామని రాయకుండా "నువ్వే రిజైన్ చేసెయ్, నీకే మంచిది" అని గదిలో కూర్చోబెట్టి మెయిల్ టైప్ చేయించడం. కొందరు ఉద్యోగులకు రాజీనామాయే మేలనిపించవచ్చు, వాళ్లు ఆలోచించుకుని అడిగితే ఒప్పుకోవడంలో తప్పు లేదు. కానీ ల్యాప్‌టాప్ లాక్కుని, అప్పటికప్పుడు రాయించుకున్న రాజీనామా నోటీసు జీతం ఎగ్గొట్టే ఉపాయం తప్ప మర్యాద కాదు. బలవంతంగా రాయించారని తేలితే ఆ కాగితం కంపెనీని కాపాడదు కూడా.

ఉత్తరం ఇచ్చేముందు మాట్లాడటం మాత్రం మానకూడదు. ఆ అమ్మాయితో ఉదయం పదకొండుకు, తలుపు వేసిన చిన్న గదిలో, మేనేజర్ గారూ నేనూ కూర్చున్నాము. ఆయన మొదటి రెండు వాక్యాల్లోనే విషయం చెప్పేశారు. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "రిపోర్టులు కూడా బాగాలేవా సార్?" అని అడిగింది. బాగున్నాయనీ, ఇబ్బంది కాల్స్‌తోనేననీ ఆయన నిజమే చెప్పారు. ఉత్తరంలో పట్టని వివరాలకు చోటు ఆ గదే. కాకపోతే ఉత్తరంలో ఒక కారణం, గదిలో ఇంకో కారణం చెప్పకూడదు.

ఆ తరువాత మిగిలినవి చిన్న పనులే అయినా, ఇవి సరిగ్గా జరగకపోతే ఉత్తరంలోని మర్యాద అంతా వృథా. పీఎఫ్ పోర్టల్‌లో ఉద్యోగం ముగిసిన తేదీని కంపెనీ నమోదు చేయాలి. అది ఖాళీగా వదిలేస్తే ఆమె పాత ఖాతాలోని సొమ్ము కొత్త ఖాతాకు మార్చుకోవడానికి ఇబ్బంది పడుతుంది. టీమ్‌కు పంపే మెయిల్‌లో ఆమె ఈ రోజుతో సంస్థ నుంచి వెళ్తున్నారనీ, ఆమె పని ఎవరు చూస్తారనీ ఉంటే చాలు. నవంబర్‌లో ఒక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి ఆమె గురించి ఫోన్ వచ్చింది. చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా చెప్పాను. ఎందుకు వెళ్లారని అడిగితే, ప్రొబేషన్‌లో ఆ పోస్టులో కన్ఫర్మ్ చేయలేదని ఉత్తరంలో ఉన్న వాక్యమే చదివాను. నడవడిక మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని అడిగారు, లేదన్నాను.