చీటీకి రిజిస్ట్రేషన్ ఉంది, మరి డిపాజిట్‌కు?

చిట్‌ఫండ్ కంపెనీ బోర్డు తిప్పేసిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒకే ప్రశ్న: ‘కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉందా, లేదా?’ ఉందని తేలితే బాధితుల మీద జాలి, లేదని తేలితే ‘అత్యాశకు పోయారు’ అన్న తీర్పు. ఈ ప్రశ్నే తప్పు. మన దగ్గర చాలామంది మునిగింది రిజిస్ట్రేషన్ లేని చోట కాదు. గోడకు సర్టిఫికెట్ వేలాడుతున్న ఆఫీసుల్లోనే మునిగారు. ఆ సర్టిఫికెట్ నకిలీ కూడా కాదు. అది చీటీకి సంబంధించినది, వీళ్లు పోగొట్టుకున్నది డిపాజిట్. కారు లైసెన్సు చూపించి బస్సు నిండా జనాన్ని ఎక్కించుకున్నట్టన్నమాట.

తంతు ఎలా నడుస్తుందో చీటీ కట్టినవాళ్లకు తెలుసు. పది లక్షల చీటీ పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే ష్యూరిటీలు కావాలి. ప్రభుత్వ ఉద్యోగుల జీతం సర్టిఫికెట్లు, సంతకాలు, నాలుగైదు సార్లు తిరుగుడు. సరిగ్గా అప్పుడే బ్రాంచి మేనేజర్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ‘సార్, ఈ ష్యూరిటీల గొడవంతా మీకెందుకు? డబ్బు మా దగ్గరే ఉంచండి. నెలకు రెండు రూపాయల వడ్డీ మీ అకౌంట్లో పడుతుంది. అందులోంచే వాయిదా కట్టేసుకోవచ్చు’ అంటాడు. వినడానికి ఎంత బాగుందో! ఆ క్షణంలో మీరు చిట్‌ఫండ్ చట్టం కిందినుంచి బయటికి వచ్చేశారు. అది మేనేజర్‌కు తెలుసు, మీకు తెలియదు.

1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం పాట గెలిచిన సభ్యుడికి పూచీకత్తు తీసుకుని డబ్బు ఇచ్చేయాలి. ఆయన పూచీకత్తు ఇవ్వలేకపోతే ఆ మొత్తాన్ని బ్యాంకులో విడిగా ఖాతాలో వేయాలి. కంపెనీ తన దగ్గర పెట్టుకుని వాడుకోవడానికి వీల్లేదు. పైగా చిట్ కంపెనీలు ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన, వాటాదారుల నుంచి తప్ప. అంటే ‘రిజిస్టర్డ్ చిట్‌ఫండ్‌లో డిపాజిట్ చేశాను’ అన్న మాటలోనే ఉల్లంఘన ఉంది. రిజిస్ట్రేషన్ ఎంత పక్కాగా ఉంటే ఆ నిషేధం అంత పక్కాగా వర్తిస్తుంది.

నాకు ఇంతకంటే ముఖ్యంగా కనిపించేది లెక్క. ఎందుకంటే చట్టం తెలియకపోయినా లెక్క అందరూ వేసుకోవచ్చు.

లక్ష రూపాయల చీటీ తీసుకుందాం. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు ఐదు వేలు. మూడో నెలలో ఒకరు ముప్ఫై వేలు తగ్గించి పాడుకున్నారనుకోండి. ఆయనకు డెబ్భై వేలు వస్తాయి. తగ్గించిన ముప్ఫై వేలలోంచి కంపెనీ తీసుకునే కమిషన్ మొత్తం చీటీ విలువలో ఐదు శాతం, అంటే ఐదు వేలు. మిగిలిన పాతిక వేలు ఇరవై మందికి పంచితే తలా 1,250. ఆ నెల అందరూ 3,750 కడితే చాలు. ఈ డివిడెండ్ ఎక్కడి నుంచి వచ్చింది? పాడుకున్నాయన జేబులోంచి. కంపెనీ సంపాదించి ఇచ్చింది ఏమీ లేదు. నెలలు గడిచేకొద్దీ అవసరం ఉన్నవాళ్లు తగ్గుతారు, పాట తగ్గుతుంది, డివిడెండూ తగ్గుతుంది. ఏ నెల ఎంత వస్తుందో ముందే చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

ఇప్పుడు చివరిదాకా ఆగిన సభ్యుడి సంగతి చూద్దాం. సగటున నెలకు ఏడు వందల డివిడెండ్ వచ్చిందనుకుంటే ఆయన మొత్తం కట్టింది 86 వేలు. చివర్లో కమిషన్ పోను వచ్చింది 95 వేలు. లాభం తొమ్మిది వేలు. డబ్బు ఒకేసారి కాకుండా నెలనెలా కట్టాడు కాబట్టి, ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే ఏడాదికి దాదాపు పన్నెండు శాతం. మన భాషలో రూపాయి వడ్డీ. పాట బాగా సాగిన చీటీలో, అందరికంటే ఓపికగా ఆగినవాడికి, ఒక్కరు కూడా వాయిదా ఎగ్గొట్టకపోతే దక్కేది ఇది.

మరి ఆ పక్క కౌంటర్లోనే అదే కంపెనీ రెండు రూపాయల వడ్డీ ఎలా ఇస్తోంది? ఈ చీటీ మీద కంపెనీకి వచ్చేది నెలకు ఐదు వేలు. మీరు వదిలేసిన పది లక్షలకు అది నెలకు ఇరవై వేలు వడ్డీ కట్టాలి. అంటే ఇలాంటి నాలుగు లక్ష చీటీల మీద వచ్చే కమిషన్ మొత్తం మీ ఒక్కరి వడ్డీకే సరిపోతుంది. ఆఫీసు అద్దె, సిబ్బంది జీతాలు, ఏజెంట్ల కమిషన్, కట్టకుండా ఎగ్గొట్టినవాళ్ల వాయిదాలు ఇంకా లెక్కలోకి రానేలేదు. 2019 సవరణ తర్వాత కమిషన్ గరిష్ఠంగా ఏడు శాతం దాకా తీసుకోవచ్చు. అప్పుడైనా దాదాపు మూడు చీటీల కమిషన్ మీ ఒక్కరికే పోతుంది. అలాంటి డిపాజిటర్లు వంద మంది ఉంటే?

కాబట్టి ఆ వడ్డీకి రెండే దారులు. ఒకటి, మీ డబ్బు భూమిలోకి వెళుతుంది. సాధారణంగా కంపెనీ యజమానుల పేరు మీదో, వాళ్ల రియల్ ఎస్టేట్ సంస్థ పేరు మీదో వెళుతుంది. ప్లాట్లు అమ్ముడవుతున్నంత కాలం వడ్డీ వస్తుంది. మార్కెట్ పడిపోగానే ఆగిపోతుంది. భూమి నెలనెలా అద్దె ఇవ్వదు కదా. రెండోది, మీ తర్వాత వచ్చినవాళ్ల డబ్బు మీకు వడ్డీగా వస్తుంది.

ఇక్కడ ఎదుటివాళ్లు చెప్పే మాట ఒకటుంది, అది కొట్టిపారేయదగినది కాదు. ‘మా బావగారికి రెండున్నరేళ్లుగా ఒక్క నెల తప్పకుండా వడ్డీ వస్తోంది. బ్యాంకులో ఏడు శాతం దాటదు. చిన్న వ్యాపారికి బ్యాంకు అప్పు ఇవ్వదు, చీటీయే ఆదుకుంటుంది’ అంటారు. చివరి మాట నిజం. చీటీ లేకపోతే మన ఊళ్లలో సగం కిరాణా కొట్లు, ఆడపిల్లల పెళ్లిళ్లు నడిచేవి కావు. నా వాదన చీటీ మీద కాదు. రెండున్నరేళ్ల అనుభవం మాత్రం రుజువు కాదు. మూడు రూపాయల వడ్డీకి కోటి రూపాయలు తీసుకుని, ఏజెంట్‌కు ఐదు లక్షలు ఇచ్చి, మిగిలిన తొంభై ఐదు లక్షలు బీరువాలో పెట్టి తాళం వేసినా, నెలకు మూడు లక్షల చొప్పున ముప్ఫై ఒక్క నెలలు వడ్డీ ఇవ్వొచ్చు. ఒక్క పైసా వ్యాపారం చేయకుండా! బావగారికి వస్తున్నది వడ్డీ కాదు, ఆయన అసలే విడతలవారీగా తిరిగొస్తోంది. మధ్యలో ఆయన మాట నమ్మి ఇంకో నలుగురు చేరితే ఆ గడువు ఇంకా పొడుగవుతుంది.

ఏది సరైనదో తేల్చుకోవడానికి ఓ చిన్న కొలత ఉంది. రిజర్వ్ బ్యాంకు అనుమతితో డిపాజిట్లు తీసుకునే ఫైనాన్స్ కంపెనీలు కూడా ఏడాదికి 12.5 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదు. కంపెనీల చట్టం కింద డిపాజిట్లు తీసుకునే కంపెనీలకూ అదే హద్దు. మన లెక్కలో రూపాయి నాలుగు పైసలు. రూపాయిన్నర అని ఎవరైనా అన్నారంటే, ఆ డిపాజిట్ ఈ రెండు దారుల్లోనూ చట్టబద్ధం కాదని అర్థం. ఇంక కాగితాలు చూడనక్కర్లేదు.

అయినా చూస్తానంటే, చూడాల్సింది గోడ మీద సర్టిఫికెట్ కాదు, చేతిలో పెట్టిన రసీదు. చీటీకైతే కంపెనీ మొత్తానికి ఒకే రిజిస్ట్రేషన్ ఉంటే చాలదు. మీరు చేరే గ్రూపుకు రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి ఉండాలి. ఏజెంట్లు దాన్నే పీఎస్‌వో నంబర్ అంటారు. గ్రూపు మొదలుపెట్టడానికి విడిగా ప్రారంభ ధ్రువపత్రం కూడా ఉండాలి. ఆ నంబర్లు రాసుకుని జిల్లాలోని చిట్స్ అసిస్టెంట్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగొచ్చు. డిపాజిట్ రసీదు మీద ఇలాంటి నంబర్ ఏదీ ఉండదు. దాని మీద కంపెనీ పేరే మారిపోయి ఉండొచ్చు, చివర ‘చిట్స్’ బదులు ‘డెవలపర్స్’ అనో ‘ఇన్‌ఫ్రా’ అనో ఉంటుంది. లేదా రసీదే ఉండదు, డైరెక్టర్ సంతకంతో ప్రామిసరీ నోటు ఇస్తారు. అంటే మీరు కంపెనీలో డిపాజిట్ చేయలేదు, ఒక మనిషికి చేబదులు ఇచ్చారు. నోటుకు మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లే గడువు కూడా పోతుంది. జీఎస్టీ నంబర్, కంపెనీ నమోదు నంబర్ చూపిస్తే అవి ఉన్నాయనే తప్ప డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందని కాదు. ఆ అనుమతి ఉన్నవాళ్ల వివరాలు చూడటానికి, లేనివాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి రిజర్వ్ బ్యాంకు sachet.rbi.org.in నడుపుతోంది.

ఇంతవరకూ మదుపరి జాగ్రత్త గురించి చెప్పాను. కానీ నాకు అసలు కోపం అటువైపు లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ చీటీల పర్యవేక్షణ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ చేతిలో ఉంది. భూముల రిజిస్ట్రేషన్ ఆదాయం మీద రోజూ సమీక్ష జరిగే ఆ శాఖలో చీటీల ఫైలు ఎవరికి పడుతుంది? ప్రతి పాట జరిగాక 21 రోజుల్లో ఫోర్‌మన్, అంటే చీటీ నడిపే కంపెనీ, మినిట్స్ దాఖలు చేయాలి. ఎవరు పాడుకున్నారు, ఎంతకు పాడుకున్నారన్నది అందులో ఉంటుంది. ఆ కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చి చేరుతూనే ఉంటాయి. పాడుకున్నవాడికి డబ్బు నిజంగా చేరిందా అని అడిగే అలవాటు మాత్రం లేదు.

అడగకపోతే ఏమవుతుందో అగ్రిగోల్డ్ చూపించింది. అది చీటీల కంపెనీ కాదు, భూముల పేరుతో డిపాజిట్లు సేకరించిన సంస్థ. దాదాపు 32 లక్షల మంది, ఆరు వేల కోట్లకు పైగా సొమ్ము. చివరికి 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిటర్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. ఆ పేదలకు ఇవ్వడం తప్పని అనను. కానీ మోసగాడు తిన్నదాన్ని పన్ను కట్టినవాడు పూడ్చే పద్ధతి అలవాటైతే, ముందే చూసుకోవాల్సిన అధికారికి టెన్షన్ ఎందుకుంటుంది? అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం తెచ్చిన చట్టం ప్రకారం, అలాంటి డిపాజిట్ తీసుకుంటే రెండు నుంచి ఏడేళ్ల జైలు. చేరమని ప్రచారం చేసినా ఏడాది నుంచి ఐదేళ్లు. ఆ మాట ఇంటింటికీ తిరిగే ఏజెంట్లలో ఎంతమందికి తెలుసు?

కొత్త చట్టం అక్కర్లేదు. మినిట్స్‌తో పాటు, పాడుకున్న సభ్యుడి బ్యాంకు ఖాతాలో డబ్బు పడిన రుజువు జత చేయాలని, పడకపోతే విడి ఖాతాలో వేసిన రసీదు జత చేయాలని రిజిస్ట్రార్ పట్టుబడితే చాలు. ఏ గ్రూపుకైనా ఈ రెండూ లేకపోతే దాన్ని నడిపే కంపెనీకి కొత్త గ్రూపుల అనుమతి ఆపేయాలి. మేనేజర్ కుర్చీ వేసి కూర్చోబెట్టి ‘మా దగ్గరే ఉంచండి సార్’ అనే ఆ డబ్బు ఎంత పోగుపడిందో మూడు నెలల్లో ఆ ఆఫీసు రికార్డుల్లోనే బయటపడుతుంది, కంపెనీ షట్టర్ దించకముందే.