ఆరు గేర్ల తేడా: ఈఆర్‌పీ కాన్ఫిగరేషన్‌కు ముందు గీయాల్సిన చిత్రం

ఈఆర్‌పీ అంటే సంస్థ కొనుగోళ్లు, స్టోర్స్, లెక్కలను ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. దాన్ని సంస్థకు తగ్గట్టు అమర్చే పనే కాన్ఫిగరేషన్. ఈ ప్రాజెక్టుల్లో, పని ఎవరి చేతుల మీదుగా ఏ క్రమంలో సాగుతుందో చూపే బీపీఎంఎన్ చిత్రాలను చాలాచోట్ల కాన్ఫిగరేషన్ పూర్తయ్యాక, సంతకాల ఫైలు కోసం గీస్తారు. వాటిలోనూ ఆర్డరు, సరుకు, బిల్లు, చెల్లింపు వరుసగా సాఫీగా సాగిపోతాయి. నిజానికి చిత్రం అవసరమయ్యేది లెక్క కుదరని చోట.

ఒక యంత్రాల తయారీ సంస్థ ఒక్కోటి 500 రూపాయల చొప్పున 100 గేర్లకు పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిందనుకుందాం. లారీ నుంచి 96 దిగాయి, తనిఖీలో వాటిలో 2 పనికిరావని తేలింది, బిల్లు మాత్రం పన్ను కాక 50,000 రూపాయలకు వచ్చింది. బీపీఎంఎన్‌లో ఒక్కో సంస్థకు గీసే పెట్టె పూల్, అందులో ఒక్కో విభాగానికి గీసే వరుస లేన్. సరఫరాదారును విడి పూల్‌గా, స్టోర్స్, క్వాలిటీ, అకౌంట్స్ విభాగాలను మూడు లేన్లుగా గీస్తే, సరుకు అందినట్టు నమోదు చేసే జీఆర్‌ఎన్ తర్వాతే తనిఖీ జరుగుతోందని కంటికి కనిపిస్తుంది. ఆర్డరు, జీఆర్‌ఎన్, బిల్లులను సరిపోల్చే త్రీ వే మ్యాచ్‌కు తనిఖీ ఫలితం తెలియదు. సరుకును తనిఖీ స్టాకులోకి తీసుకున్నా అందిన పరిమాణం 96గానే నమోదవుతుంది కాబట్టి, ఆరు గేర్ల తేడాలో నాలుగింటినే వ్యవస్థ పట్టుకుంటుంది. ఇవ్వాల్సింది 47,000 అయితే 48,000కు దారి తెరిచే ఉంటుంది.

అందుకే తనిఖీ తర్వాత దారులు చీలే ఒక గేట్‌వే పెట్టి, ఫలితం వచ్చేదాకా బిల్లును ఆపాలా, లేక చెల్లించి ఆ రెండింటి సొమ్ము తగ్గించమని సరఫరాదారుకు డెబిట్ నోట్ ఇవ్వాలా అని అడగాలి. ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో మొదటిదానికి సెట్టింగు ఉంది, కానీ ఏది కావాలో చెప్పాల్సింది కన్సల్టెంటు కాదు, కొనుగోళ్ల, అకౌంట్స్ అధిపతులు.

బిల్లును ఆపితే గడువు లెక్క ముందుకొస్తుంది. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ లెక్క సరుకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అది తొలగిన రోజు నుంచి. కాబట్టి చిత్రంలో గడువును చూపే టైమర్‌ను బిల్లు పోస్ట్ చేసిన చోట కాక స్టోర్స్ లేన్‌లో పెట్టాలి, చెల్లింపు షరతుల్లో గడువు లెక్క మొదలయ్యే మూల తేదీని దానికి అనుగుణంగా ఎంచుకోవాలి. అమ్మకం ఆర్డరు నుంచి డబ్బు చేతికందేదాకా సాగే ఆర్డర్ టు క్యాష్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది: క్రెడిట్ పరిమితిని ఆర్డరు తీసుకున్నప్పుడే చూసి వదిలేస్తే, సరుకు బయల్దేరే నాటికి కొనుగోలుదారు బకాయి పెరిగిపోయి ఉండవచ్చు.

అలాగని అన్నిటినీ చిత్రంలోకి ఎక్కించకూడదు. ఎంత శాతం ధర తేడాను అనుమతించాలి, ఎవరు ఎంతవరకు ఆమోదించాలి వంటివి పట్టికలో ఉండాలి. గేట్‌వేలుగా గీస్తే చిత్రం ఎవరూ చదవలేని వల అవుతుంది. పాత అలవాట్లన్నీ గీసి, వాటికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను మార్చమనడం అంతకంటే ఖరీదైన పొరపాటని నా అభిప్రాయం.

చిత్రం సరిపోయిందో లేదో పరీక్షించాలంటే, గత ఏడాది చెల్లింపు ఆగిన బిల్లులను తీసి ఒక్కొక్కదాన్ని బాణాల వెంట నడిపించాలి. ఏ బిల్లుకైనా ముందుకు దారి దొరకకపోతే, ఆ భాగం కాన్ఫిగరేషన్ అప్పుడే మొదలుపెట్టకూడదు.